చీర సాగకూడదు, అంచు తెగకూడదు: ఫొటో కొలత మార్చేటప్పుడు ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ఆన్‌లైన్‌లో చీరలు అమ్మేవారికి ఫొటోల గురించి తరచూ వచ్చే ఫిర్యాదులు రెండు. ఫొటోలో అంచు వెడల్పుగా కనిపించింది, చేతికి వచ్చాక చూస్తే సన్నగా ఉందన్నది ఒకటి. కొంగు చివర, కింది అంచు ఎలా ఉంటాయో ఫొటోలో అసలు కనిపించలేదన్నది రెండోది. చాలామంది కెమెరానో వెలుతురునో తప్పుపడతారు. కానీ ఈ రెండూ ఎక్కువగా ఆ తరువాతి మెట్టులో పుడతాయి. ఒక ఆకారంలో తీసిన ఫొటోను ఇంకో ఆకారపు చట్రంలో కూర్చోబెట్టే క్షణంలో జరిగే పొరపాట్లివి.

ఫోను నిలువుగా పట్టుకుని తీసిన ఫొటో సాధారణంగా 3:4 నిష్పత్తిలో ఉంటుంది. అంటే వెడల్పు మూడు పాళ్ళయితే ఎత్తు నాలుగు పాళ్ళు. 12 మెగాపిక్సెళ్ళ ఫోనుల్లో ఎక్కువగా కనిపించే కొలత 3024×4032. కానీ ఆ ఫొటో చేరాల్సిన చోట్ల చట్రాలు వేరు. అమ్మకపు సైట్లలో చాలావాటికి చతురస్రం కావాలి, ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకు 4:5 అలవాటుగా వస్తోంది, స్టోరీకి 9:16 కావాలి. ఒక ఆకారాన్ని ఇంకో ఆకారంలో పెట్టడానికి మార్గాలు మూడే. సాగదీయడం, కత్తిరించడం, ఖాళీ చేర్చడం. సాఫ్ట్‌వేర్లు వీటికి రకరకాల పేర్లు పెడతాయి గానీ నాలుగో మార్గం లేదు. ఉన్నట్టు కనిపించే ఒకటుంది. దాని సంగతి కాస్త ఆగి చూద్దాం.

మూడింటిలో ఏది మంచిదన్న ప్రశ్నకు ఫొటో చూడకుండా జవాబు చెప్పలేం. ఒక ఫొటో తీసుకుని లెక్క వేసి చూస్తే మాత్రం జవాబు దానంతట అదే బయటపడుతుంది.

ఒక మంగళగిరి చీర

చిన్న గళ్ళ మంగళగిరి నూలు చీర అనుకుందాం. జరీ అంచు, కొంగు చివర కుచ్చులు కట్టి ఉన్నాయి. ఒక మహిళ చీర కట్టుకుని, కొంగును ఒక పక్కకు చాపి పట్టుకుని నిలబడింది. వెనుక లేత రంగు గోడ. ఫొటో 3024×4032.

ముందుగా చేయాల్సిన పని ఫొటో కొలవడం కాదు, ఫొటోలో మనకు కావలసినది ఎంత జాగా తీసుకుందో కొలవడం. ఏ ఎడిటర్‌లోనైనా చట్రపు గీతను ఆమె తల పైభాగం నుంచి చీర కింది అంచు దాకా, ఇటు భుజం నుంచి అటు కొంగు కుచ్చుల చివరి దాకా లాగితే, ఆ చట్రం కొలతను అదే చూపిస్తుంది. మన ఫొటోలో ఇది 2330 పిక్సెళ్ళ వెడల్పు, 3550 ఎత్తు వచ్చిందనుకుందాం. పైన 250, కింద 232, ఎడమ 350, కుడి 344 పిక్సెళ్ళు గోడా నేలా మిగిలాయి. తెగకూడనిది ఏమిటో ఇప్పుడు అంకెల్లో మన చేతిలో ఉంది.

ఫొటో వంకరగా ఉంటే ఈ కొలత కంటే ముందే దాన్ని నిటారు చేసుకోవాలి. ఎందుకంటే నిటారు చేయడం కూడా ఒక కత్తిరింపే. రెండు డిగ్రీలు తిప్పితే, మూలల్లో ఏర్పడే ఖాళీ త్రికోణాలను తీసేయడానికి ఎడిటర్ ఇటూ అటూ కలిపి నాలుగు శాతానికి పైగా తీసేస్తుంది. 4032 ఎత్తులో దాదాపు 177 పిక్సెళ్ళు పోతాయి. కింద 232 మాత్రమే మిగిలిన ఫొటోలో ఇది చిన్న సంగతి కాదు.

చతురస్రం: ఇక్కడ కత్తిరింపుకు దారి లేదు

మొదట 1:1 చూద్దాం. ఫొటో వెడల్పు 3024 కాబట్టి అందులోంచి తీయగల అతి పెద్ద చతురస్రం 3024×3024. మన చీర ఎత్తు 3550. ఇక ఆలోచించాల్సిన పని లేదు. తలో, కింది అంచో, రెండూనో తెగాల్సిందే. చాలా సైట్లు, యాప్‌లు ఫొటో ఎక్కించగానే అడగకుండా చేసేది ఇదే. మధ్య భాగం ఉంచి పైన 504, కింద 504 పిక్సెళ్ళు తీసేస్తాయి. మన ఫొటోలో కింద ఉన్న ఖాళీ 232 పిక్సెళ్ళు. మిగతా 272 పిక్సెళ్ళు చీరలోంచే పోతాయి. అంటే కింది అంచు పూర్తిగా మాయమై కుచ్చిళ్ళు గాలిలో ఆగిపోతాయి. మంగళగిరి చీరను కొనేది ముఖ్యంగా ఆ అంచు చూసి.

సాగదీస్తే ఏమవుతుంది? 3024×4032 ను బలవంతంగా 1080×1080 చేస్తే వెడల్పు ఎత్తుకంటే 33 శాతం ఎక్కువ సాగుతుంది. ఇది ఎవరికైనా వెంటనే తెలిసిపోతుంది, కాబట్టి దీని వల్ల పెద్దగా ప్రమాదం లేదు. మోసగించే సాగుడు వేరే ఉంది, దాన్ని 4:5 దగ్గర చూద్దాం.

మిగిలింది ఖాళీ చేర్చడం. ఎత్తును 1080 కి తగ్గిస్తే వెడల్పు 810 అవుతుంది. ఇటు 135, అటు 135 పిక్సెళ్ళు చేర్చాలి. చీర ఎత్తు 951 పిక్సెళ్ళు, చట్రంలో 88 శాతం. అమెజాన్ ప్రధాన చిత్రంలో వస్తువు చట్రంలో 85 శాతం నిండి ఉండాలని అడుగుతుంది, నేపథ్యం స్వచ్ఛమైన తెలుపు కావాలంటుంది. ఆ ఎత్తు లెక్కకు మన ఫొటో సరిపోతుంది. నేపథ్యం మాత్రం వేరుగా తీసి తెల్లగా చేయాలి. అక్కడ పెద్దది చేసి చూసే సౌకర్యం పనిచేయాలంటే పొడవైన వైపు కనీసం 1000 పిక్సెళ్ళు ఉండాలి. కాబట్టి 1080 తో గట్టెక్కుతాం. అయినా అసలు ఫొటోలో 4032 ఉన్నప్పుడు పొదుపు దేనికి? మొదట 4032×4032 చట్రం చేసుకుని దాన్ని 2000×2000 కి తగ్గించి పెట్టడం మేలు. దీనికి ఇంకో కారణం కూడా ఉంది, గళ్ళ దగ్గర చెబుతాను.

ఇన్‌స్టాగ్రామ్ 2025 జనవరి నుంచి ప్రొఫైల్ పేజీలోని చిన్న బొమ్మలను చతురస్రానికి బదులు 3:4 లో చూపిస్తోంది. చతురస్రపు పోస్టు పెడితే ఆ పేజీలో దాని పక్కలు తెగుతాయి. 1080 వెడల్పులో మధ్య 810 మాత్రమే కనిపిస్తుంది. మనం చేర్చిన ఖాళీ సరిగ్గా ఇటు 135, అటు 135. కాబట్టి తెగేది మనం చేర్చిన గోడే, చీర మొత్తం నిలుస్తుంది. అదే ఫొటోను చతురస్రంగా కత్తిరించి పెట్టి ఉంటే ఒకసారి పైనా కిందా, మరోసారి పక్కలా తెగి, కొంగు కూడా పోయేది.

4:5: ఇక్కడ కత్తిరించవచ్చు, సాగదీయడం మాత్రం ప్రమాదం

3024 వెడల్పుకు 4:5 ఎత్తు 3780. చీర ఎత్తు 3550. అంటే కత్తిరించినా 230 పిక్సెళ్ళు మిగులుతాయి. మధ్యకు కత్తిరిస్తే పైన 126, కింద 126 పోతాయి. కింద 106 పిక్సెళ్ళ నేల, పైన 124 పిక్సెళ్ళ గోడ మిగులుతాయి. చీరకు ఏమీ కాదు, చట్రం కూడా నిండుగా ఉంటుంది. ఇక్కడ ఖాళీ చేర్చాల్సిన అవసరమే లేదు. ఎప్పుడూ ఖాళీ చేర్చడమే మేలని సూత్రంగా పెట్టుకున్నవాళ్ళు ఈ ఫొటోకు రెండు పక్కలా సన్నటి పట్టీలు అంటిస్తారు. అవి చూపరిని చికాకు పెడతాయి తప్ప దేన్నీ కాపాడవు.

ఇక సాగుడు. 3:4 ఫొటోను 4:5 లోకి బలవంతంగా నెడితే వెడల్పు పెరిగేది 6.7 శాతమే. కంటికి తెలియదు. ఆమె కాస్త లావుగా కనిపిస్తుంది, అంతే. కానీ నిలువుగా దిగే అంచు, చాపిన కొంగు మీది జరీ పట్టీ, అన్నీ వెడల్పవుతాయి. మూడు అంగుళాల అంచు మూడుంబావుకు దగ్గరగా వస్తుంది. అంచు వెడల్పు గురించి వచ్చే ఫిర్యాదులకు ఇలాంటి చిన్న సాగుళ్ళే ఎక్కువగా కారణం. పెద్దది అందరికీ కనిపిస్తుంది, సరిదిద్దుతారు. చిన్నది ఎవరి కంటా పడకుండా వందల ఫొటోల్లోకి పాకిపోతుంది.

దీన్ని పట్టుకోవడం ఎలా? గళ్ళను కొలవవచ్చు అనిపిస్తుంది, కానీ నేతలో గడి కచ్చితమైన చతురస్రం కాకపోవచ్చు. పైగా ఒంటి మీద గుడ్డ ఒంపులు తిరుగుతుంది. నమ్మకమైన పద్ధతి ఇది: ఫొటోలు తీసే రోజు మొదటి ఫొటోలో ఒక గుండ్రటి స్టీలు పళ్ళెం పట్టుకోమనండి. చీర ఉన్న దూరంలోనే, కెమెరాకు నిటారుగా ఎదురుగా, చట్రం మధ్యలో పట్టుకోవాలి. ఆ రోజు ఫొటోలన్నింటికీ చేసే మార్పులే దానికీ చేయండి. చివరికి వచ్చిన ఫైలులో పళ్ళెం వెడల్పునూ ఎత్తునూ పిక్సెళ్ళలో కొలవండి. రెండూ సమానంగా ఉంటే మీ పద్ధతిలో సాగుడు లేదు. వెడల్పు 320, ఎత్తు 300 అని వచ్చిందంటే ఎక్కడో 6.7 శాతం దూరింది. అంటే 3:4 నుంచి 4:5 కు ఎవరో నెట్టారు. ఆ శాతమే దోషి ఎక్కడున్నాడో చెబుతుంది.

పళ్ళెం చెప్పలేనిది ఒకటుంది. ఫోనులో 0.5 అని చూపే అతి వెడల్పు లెన్సుతో దగ్గర నుంచి తీస్తే, చట్రం అంచుల్లో ఉన్న ఒళ్ళూ చేతులూ పక్కకు లాగినట్టు వస్తాయి. ఎదురుగా పట్టిన చదునైన పళ్ళెం మాత్రం గుండ్రంగానే ఉంటుంది. అది ఎడిటింగ్‌లో పుట్టిన సాగుడు కాదు, ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు కూడా. కాస్త వెనక్కి జరిగి, 1 లేదా 2 రెట్ల లెన్సుతో, చుట్టూ ఖాళీ ఎక్కువ వచ్చేలా తీయడమే దానికి మందు.

9:16: అరవై రెండు పిక్సెళ్ళ తేడా

స్టోరీకి 4032 ఎత్తులో 9:16 వెడల్పు 2268. మన చీర వెడల్పు 2330. కత్తిరిస్తే 62 పిక్సెళ్ళు తెగుతాయి. చూడటానికి ఎంతో కాదు, కానీ ఆ 62 పిక్సెళ్ళలో ఉండేది కొంగు చివరి కుచ్చులు. కొంగు చాపి పట్టుకున్నదే వాటిని చూపించడానికి. ఎంత తెగిందన్నది కాదు, ఏది తెగిందన్నదే చూడాలి. అదే కొంగును భుజం మీంచి వెనక్కి వదిలేసిన ఫొటో అయితే చీర వెడల్పు పదిహేను వందలు కూడా ఉండదు. అప్పుడు నిశ్చింతగా కత్తిరించవచ్చు.

1080×1920 స్టోరీ చట్రంలో ఖాళీ చేర్చితే ఫొటో 1080×1440 అవుతుంది, మిగతా 480 పిక్సెళ్ళు పైనా కిందా పంచాలి. స్టోరీలో ఈ ఖాళీ వృథా కాదు. పైన ఖాతా పేరు, కింద జవాబు రాసే పెట్టె ఎలాగూ ఆ చోటే కప్పేస్తాయి. చీరను అంచుల దాకా నింపితే అంచు మీద ఆ పెట్టె వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ఇక్కడ ఖాళీ చేర్చడమే నా ఎంపిక, కత్తిరించడానికి వీలున్నప్పుడు కూడా.

చేర్చే ఖాళీ ఎలా ఉండాలి

ఖాళీ చేర్చాలని తేల్చుకున్నాక అసలు పని మొదలవుతుంది. సులువైనది ఒకే రంగు పట్టీ. గోడ రంగును ఫొటో అంచు దగ్గర నుంచే తీసుకుని నింపవచ్చు. కానీ కిటికీ వెలుగులో తీసిన ఫొటోలో గోడ ఒక పక్క లేతగా, మరో పక్క ముదురుగా ఉంటుంది. ఒకే రంగు నింపితే ఒక పక్క అతుకు కలిసిపోతుంది, రెండో పక్క గీతలా కనిపిస్తుంది. తెల్లటి పట్టీ అయితే గోడలా నటించదు, చట్రంలా కనిపిస్తుంది. నటించి దొరికిపోవడం కంటే అదే నయం.

ఫొటోనే మసకగా పెద్దది చేసి వెనుక వేయడం ఇప్పుడు అందరూ చేస్తున్నదే. చీరల విషయంలో అది నాకు నచ్చదు. ముదురు ఆకుపచ్చ చీర వెనుక మసక ఆకుపచ్చ నిండితే, చీర అసలు రంగు ఏమిటో కన్ను తేల్చుకోలేదు. రంగు చూసే కొంటారు మరి.

మంచి ఫలితమిచ్చే పద్ధతి ఒకటుంది. గోడను మాత్రమే సాగదీయడం. వస్త్రాన్ని సాగదీయకూడదు అన్నాం గానీ గోడను సాగదీస్తే ఎవరికీ నష్టం లేదు. మన ఫొటోను 4032×4032 చేయాలంటే ఇటు 504, అటు 504 కావాలి. ఎడమ పక్క 350 పిక్సెళ్ళ వెడల్పున్న ఖాళీ గోడ పట్టీని ఎంచుకుని దాన్ని 854 కు అడ్డంగా సాగదీస్తే వెలుతురు తేడా కూడా దానితో పాటే సాగి సహజంగా కలిసిపోతుంది. ఇది దాదాపు రెండున్నర రెట్ల సాగుడు. సాదా గోడకు, గుడ్డ తెరకు బాగానే నప్పుతుంది. ఇటుకల గోడ, చెట్లు, తలుపు చెక్కడాలు వెనుక ఉంటే మాత్రం వెంటనే బయటపడుతుంది. నేల మీద పలకల గీతలుంటే అవి కూడా పట్టిస్తాయి.

ఫోనులోనే చేయాలంటే స్నాప్‌సీడ్ యాప్‌లోని Expand పనికొస్తుంది. అందులో తెలుపు, నలుపు, Smart అని మూడు రకాలున్నాయి. Smart చుట్టుపక్కల ఉన్నదాన్ని చూసి ఖాళీని నింపుతుంది. చీర ఫొటో అంచుకు దూరంగా ఉంటే అది గోడను బాగా నింపుతుంది. కొంగు అంచుకు తగులుతూ ఉంటే మాత్రం కుచ్చులను ఇంకోసారి పుట్టిస్తుంది, చీరకు లేని అంచు మొలుస్తుంది. నింపిన తరువాత ఫొటోను పెద్దది చేసి కొంగు చివర, మోచేయి, కింది అంచు తప్పనిసరిగా చూడాలి.

ఇప్పుడు ఆ నాలుగో మార్గంలా కనిపించేది. ఫొటోషాప్‌లో Content-Aware Scale అని ఒకటుంది. షాయ్ అవిడాన్, ఏరియల్ షమీర్ 2007 లో ప్రచురించిన పద్ధతికి వారసత్వం అది. ఫొటో అంతటినీ సమానంగా సాగదీయకుండా, పెద్దగా మార్పు లేని చోట్ల ఒక పిక్సెల్ వెడల్పున్న వంకర గీతలను తీసేస్తూనో చేరుస్తూనో పోతుంది. ఆకాశం, సముద్రం, గడ్డి ఉన్న ఫొటోల్లో చక్కగా పనిచేస్తుంది. చీర దగ్గర బోల్తా పడుతుంది. కారణం స్పష్టమే. గళ్ళు లేని సాదా మంగళగిరి చీర తీసుకోండి. ఒళ్ళంతా ఒకే రంగు, అంచులో జరీ. ఈ పద్ధతి కంటికి అంచు ముఖ్యమైనది, సాదా ఒళ్ళు ఖాళీ స్థలం. కాబట్టి అంచును అలాగే ఉంచి ఒంటిని కుదిస్తుంది. చీరకు అంచుకు ఉన్న వెడల్పు నిష్పత్తి మారిపోతుంది. అంతా సమానంగా సాగితే పళ్ళెం పట్టిస్తుంది, ఇక్కడ పళ్ళెం కూడా గుండ్రంగానే మిగలవచ్చు. చీరను ఎంపిక చేసి, ఆ ఎంపికను సేవ్ చేసి, Protect పెట్టెలో చూపిస్తే చీరను తాకదు. అలా చేయకుండా వాడవద్దు.

రిజల్యూషన్: గడి ఎన్ని పిక్సెళ్ళలో పడుతోంది?

ఆకారం తేలాక పరిమాణం. ఇక్కడ అందరూ 72 ఉండాలా 300 ఉండాలా అని అడుగుతారు. తెర మీద చూసే ఫొటోకు ఆ అంకెతో పని లేదు. అది కాగితం మీద అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళు వేయాలో చెప్పే గుర్తు మాత్రమే. తెరకు కావలసింది మొత్తం పిక్సెళ్ళ లెక్క.

మన ఫొటోలో మనిషి ఎత్తు 165 సెంటీమీటర్లు అనుకుంటే 3550 పిక్సెళ్ళలో పడింది. సెంటీమీటరుకు సుమారు 21. చీర గడి అర సెంటీమీటరైతే అసలు ఫొటోలో ఒక గడి దాదాపు 11 పిక్సెళ్ళు. 1080 చతురస్రానికి తగ్గిస్తే అది మూడు పిక్సెళ్ళ కంటే తక్కువకు పడిపోతుంది. ఒక గీత, ఒక సందు కలిసి మళ్ళీ మళ్ళీ వచ్చే నమూనాకు సిద్ధాంతం ప్రకారం కనీసం రెండు పిక్సెళ్ళు కావాలి. మూడు అంటే కత్తి అంచు మీద నడకే. అప్పుడే గళ్ళ చీర మీద లేని వంకర చారలు, రంగు అలలు పుడతాయి. దీన్ని మోయిరే అంటారు. చూసేవాళ్ళు దాన్ని నేతలోని లోపం అనుకుంటారు. 2000 చతురస్రంలో అదే గడి ఐదు పిక్సెళ్ళకు పైగా ఉంటుంది, గడి గడిలా కనిపిస్తుంది. పెద్ద చతురస్రం ఎంచుకోమన్నది ఇందుకే.

ఇన్‌స్టాగ్రామ్‌లో వెడల్పు 1080 కంటే పెంచినా అక్కడికే తగ్గుతుంది. 3:4 లో 1080×1440 పెడితే గడి సుమారు 3.8 పిక్సెళ్ళు వస్తుంది, చతురస్రం కంటే మెరుగు. అది కూడా చాలని సన్న గళ్ళయితే నిండు ఫొటోతో పోరాడటం దండగ. రెండో ఫొటోగా గళ్ళను దగ్గర నుంచి చూపించండి. దాన్ని అసలు ఫైలులోంచి తగ్గించకుండా 1080 ముక్కగా కత్తిరించినా చాలు.

చారలు కనిపించినప్పుడు అవి ఎక్కడ పుట్టాయో ముందు తేల్చుకోవాలి. అసలు ఫైలును 100 శాతంలో తెరిచి చూడండి. అక్కడ లేకపోతే తగ్గించేటప్పుడు పుట్టాయి, పద్ధతి మార్చి మళ్ళీ తగ్గిస్తే పోతాయి. గింప్ అనే ఉచిత ఎడిటర్‌లో Image > Scale Image లో Interpolation దగ్గర None ఉంటే మార్చాలి. సగం కంటే చిన్నదిగా తగ్గిస్తున్నప్పుడు NoHalo మంచిది. అసలు ఫైలులోనే చారలుంటే అవి కెమెరాలో పుట్టాయి, కాస్త దూరం మార్చి మళ్ళీ తీయాలి. 100 కాక 33, 66 శాతంలో చూసినప్పుడు కనిపించే చారలు కొన్నిసార్లు ఫైలులో ఉండవు, తెర పుట్టించినవి.

సెట్టింగులు ఎక్కడ ఉంటాయి

గింప్‌లో రెండు పనులను కలపకూడదు. Scale Image లో వెడల్పు ఎత్తుల మధ్య గొలుసు గుర్తు తెగకుండా ఉండాలి. అది తెగి ఉంటే సాగుడు మొదలైనట్టే. Image > Canvas Size లో మాత్రం గొలుసు తెంచాలి, ఎందుకంటే అక్కడ మారేది చట్రమే, ఫొటో కాదు. కత్తిరించే పరికరంలో Fixed గుర్తు పెట్టి Aspect ratio ఎంచుకుని 4:5 అని రాస్తే ఎంత లాగినా ఆ నిష్పత్తే ఉంటుంది. పెట్టెను చీరకు తగినట్టు జరుపుకోవడం మన చేతిలో పని. ఆ ఒక్క కదలికే యాప్ చేసే మధ్య కత్తిరింపు కంటే ఎంతో మేలు.

వందల ఫొటోలున్నవారికి టెర్మినల్‌లో రాసే ఇమేజ్‌మ్యాజిక్ ఆదేశాలు సులువు. మొదటిది కత్తిరిస్తుంది, రెండోది ఖాళీ చేరుస్తుంది:

```
magick cheera.jpg -auto-orient -resize "1080x1350^" -gravity center -extent 1080x1350 crop.jpg
magick cheera.jpg -auto-orient -resize "2000x2000" -background white -gravity center -extent 2000x2000 pad.jpg
```

తేడా అంతా `^` గుర్తులో ఉంది. అది ఉంటే ఫొటో చట్రాన్ని నింపుతుంది, మిగిలింది తెగుతుంది. లేకపోతే ఫొటో చట్రంలో ఇముడుతుంది, మిగిలిన చోటు తెలుపవుతుంది. అక్కడ `!` పెడితే సాగదీస్తుంది. ఎవరైనా ఇచ్చిన ఆదేశంలో అది కనిపిస్తే తీసేయండి.

`-auto-orient` ఎందుకంటే, ఫోను నిలువుగా తీసిన ఫొటోను చాలాసార్లు అడ్డంగానే 4032×3024 గా దాచి, తిప్పి చూపించమని ఒక గుర్తు మాత్రం రాస్తుంది. ఆ గుర్తు చదవని సాఫ్ట్‌వేర్ దాన్ని అడ్డం ఫొటో అనుకుని లెక్కలు వేస్తుంది. పక్కకు పడుకున్న చీర, వింతగా పడ్డ ఖాళీ పట్టీలు కనిపించాయంటే చాలాసార్లు కారణం ఇదే.

ప్రతి చట్రాన్నీ అసలు ఫైలులోంచే చేయాలి. 4:5 లోంచి చతురస్రం, చతురస్రంలోంచి స్టోరీ అని గొలుసుగా చేస్తే మొదటి కత్తిరింపులో పోయిన చోటు తిరిగి రాదు, జెపెగ్ నాణ్యత కూడా ప్రతిసారీ తగ్గుతుంది. ఆ అసలు ఫైలు ఎవరికైనా పంపాల్సి వస్తే వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే కొలత తగ్గుతుంది.

సొంత వెబ్‌సైటు ఉన్నవారికి ఇంకొక చోటు మిగిలి ఉంది. ఫైలు సరిగ్గా ఉన్నా పేజీలో చీర లావుగా కనిపిస్తే తప్పు పేజీ రాతలో ఉంది. వెడల్పూ ఎత్తూ రెండూ కట్టేసిన చట్రంలో బొమ్మ పెడితే, వేరే ఏమీ చెప్పనప్పుడు బ్రౌజర్ దాన్ని సాగదీసి నింపుతుంది. పేజీ సీఎస్‌ఎస్‌లో ఇది రాస్తే సరిపోతుంది:

```
.cheera img { width: 100%; height: auto; aspect-ratio: 3 / 4; object-fit: contain; }
```

`contain` ఖాళీ వదులుతుంది, `cover` కత్తిరిస్తుంది. అన్ని ఫొటోలూ 3:4 లోనే తీసి ఉంటే రెండింటికీ తేడా ఉండదు. మధ్యలో చతురస్రం ఫొటోలు కలిసి ఉంటే `contain` పెట్టండి. అంచు, కొంగు, జరీ దగ్గర నుంచి చూపే ఫొటోలకు మాత్రం `cover` బాగుంటుంది. అక్కడ చీర చివర్లు ఎలాగూ చట్రంలో లేవు.